ముడి వేసే వంతు

ఆమె ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే పని చేసేది. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ముప్పై నలభై మంది ఎదురుగా కూర్చుని లేచేవాళ్ళు. పేరు చెప్పండి, చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి. రోజు మొత్తంలో ఆమె మాట్లాడే మాటలు దాదాపు అంతే. బదిలీ మీద ఆ ఊరొచ్చి ఏడాదిన్నర అయింది. వయసు నలభై ఒకటి. వాళ్ళమ్మ పోయి నాలుగేళ్ళు, నాన్న అంతకు చాలా ముందే పోయాడు. తోడబుట్టినవాళ్ళు లేరు.

లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒకరోజు చిన్న కాగితం కనిపించింది. ఒకే నవల, ఐదుగురు మనుషులు, ఐదు ఆదివారాలు, సాయంత్రం నాలుగింటికి మేడ మీది గదిలో. నాలుగు పేర్లు అప్పటికే ఉన్నాయి. ఐదో గీత ఖాళీగా ఉంది. ఆమె అక్కడ తన పేరు రాసింది. రాసి మెట్లు దిగుతుంటే, ఎందుకొచ్చిన గొడవ, కొట్టేసి వద్దామా అనిపించింది కానీ వెనక్కి వెళ్ళలేదు.

మిగతా నలుగురిలో ఒకావిడ ఆ లైబ్రేరియనే. ఒకావిడ దర్జీ, మెడలో టేపు తీయడం మర్చిపోయి వచ్చేసేది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మాస్టారు ఒకరు. ఇంకొకాయన రిటైరైన బస్సు డ్రైవరు, అరవై ఆరేళ్ళ మనిషి. కుర్చీలో కూర్చున్నా సరే ఎదురుగా రోడ్డున్నట్టు చూసేవాడు.

నవలలో ముప్పై అధ్యాయాలు. వారానికి ఆరు చొప్పున ఎవరింట్లో వాళ్ళు చదువుకు రావాలి. ఊరికే చదివొస్తే సరిపోదని, వారానికి ఒక్కొక్కరికి ఒక్కో పని ఉంటుందని లైబ్రేరియన్ మొదటే చెప్పింది. ఒకరు ప్రశ్నలు తయారుచెయ్యాలి, అవునూ కాదూ అని తేలిపోయేవి కాకుండా నలుగురినీ మాట్లాడించేవి. ఒకరు ఆ ఆరు అధ్యాయాల్లో జరిగింది ఐదు నిమిషాల్లో చెప్పాలి. ఒకరు పదాలు ఏరాలి. ఒకరు పైకి చదవదగ్గ వాక్యాలు ఎంచి, ఎందుకు ఎంచారో చెప్పాలి. ఐదోది ముడి. పుస్తకంలో జరిగినదాన్ని బయట ఉన్నదానితో ముడి వెయ్యాలి. వారం వారం పనులు మారతాయి. ఐదు వారాలయ్యేసరికి అందరూ అన్నీ చేస్తారు.

"కాగితం మీద రాసుకు రండి. కానీ అది అప్పజెప్పడానికి కాదు, మాట మొదలెట్టడానికి. మాట సాగితే కాగితం పక్కన పెట్టెయ్యండి" అంది లైబ్రేరియన్.

నవల ఒక రేవులో పడవ నడిపే ఆడమనిషి కథ. ఆమె అన్న ఏదో మాట పట్టింపుతో అవతలి ఒడ్డుకు వెళ్ళిపోతాడు. ఆమె రోజూ జనాన్ని అటు దాటిస్తుంది కానీ ఒడ్డున దిగి అన్నను వెతకదు.

మొదటి వారం ల్యాబామెకు పదాలు వచ్చాయి. తొమ్మిది పదాలు ఏరింది. ఏ పేజీ, ఏ వాక్యం, ఆ వాక్యాన్ని బట్టి తాను ఊహించిన అర్థం ఏమిటి, నిఘంటువులో ఉన్న అర్థం ఏమిటి అని నాలుగు గళ్ళు గీసి, ల్యాబు రిజిస్టరు రాసినంత పొందికగా రాసుకొచ్చింది. మాస్టారు ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూసి మెచ్చుకున్నాడు. రెండో వారం సారాంశం. అది కూడా బాగానే చెప్పింది. సొంత మాట ఒక్కటి కలపకుండా జరిగింది జరిగినట్టు చెప్పడం ఆమెకు చేతనైన పని.

ఆ వారం ముడి డ్రైవరుది. ఆయన జేబులోంచి కాగితం తీసి చూసి, "నేను బస్సు నడిపాను. ఈవిడ పడవ నడిపింది. ఎక్కినవాళ్ళందరూ దిగిపోతారు, మనం మాత్రం అందులోనే ఉంటాం" అన్నాడు. ఇంకా ఏమైనా ఉందేమోనని అందరూ చూశారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. దర్జీ నవ్వింది. ల్యాబామెకు మాత్రం ఆ మాట వారమంతా చెవిలో ఉండిపోయింది.

మూడో వారం ముడి ఆమె వంతు.

శనివారం డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, బల్ల ముందు కూర్చుంది. లైబ్రేరియన్ ఇచ్చిన కాగితంలో మూడు భాగాలున్నాయి. మీ జీవితంతో, మీరు చదివిన వేరే పుస్తకంతో, చుట్టూ ఉన్న లోకంతో. చివరి రెండూ అరగంటలో నిండిపోయాయి. మొదటిది ఖాళీగా ఉండిపోయింది. తనకు అన్న లేడు. గొడవపడి వెళ్ళిపోవడానికి అసలు ఎవరూ లేరు. "నాకు తోబుట్టువులు లేరు" అని రాసింది. రాసినదాన్ని చూసుకుంది. ఆ ఒక్క వాక్యం దగ్గర తన సంగతంతా అయిపోతుంది, దానికి ఎవరు మాత్రం ఏమంటారు? కొట్టేసింది.

కొట్టేసిన గీత కింద "మా అన్న" అని రాసింది. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. ఆరేళ్ళు పెద్ద. గడ్డం మీద చిన్న గాటు. సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని స్కూలుకు తీసుకెళ్ళేవాడు. ఒక పండగపూట భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి లేచి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళు అతని జాడ లేదు. కిందటేడు తనే నంబరు సంపాదించి ఫోన్ చేసింది. అవతల "ఎవరూ?" అన్న గొంతు వినగానే గుర్తుపట్టింది. రాస్తూ రాస్తూ ఆమె ఏడ్చింది. లేని మనిషి కోసం ఏడుస్తున్నానని తెలిసి కూడా ఏడ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరో ఉన్నట్టే అనిపించింది.

ఆదివారం ఆమె ఆ అన్న కథంతా చెప్పింది. దర్జీ చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వారం ప్రశ్నలు డ్రైవరువి. ఆయన రాసుకొచ్చిన నాలుగు ప్రశ్నలూ బోర్లా పెట్టేసి ఇంకొకటి అడిగాడు.

"ఫోన్ చేసినప్పుడు ముందు ఏమన్నారమ్మా?"

"నేనేరా అన్నయ్యా అన్నాను."

ఆయన తనకూ ఒక తమ్ముడున్నాడని చెప్పాడు. ఇరవై మూడేళ్ళుగా మాటల్లేవట. వాళ్ళ నాన్న కర్మకాండల దగ్గర తాను అనకూడని మాట ఒకటి అన్నాడట. ఆ మాటేమిటో చెప్పలేదు. భార్యకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదని, ఆవిడ పోయాక పైకి అనడం ఇదే మొదటిసారని అన్నాడు. ఆ రోజు చర్చ ఆరు దాటినా ముగియలేదు. మెట్లు దిగుతుంటే అందరూ ఆమెతో కలిసి నడిచారు. వీధి మలుపు దగ్గర విడిపోయాక ఇంటికి వచ్చి తలుపు తీసింది. లోపల ఎప్పటికంటే ఖాళీగా ఉంది. వాళ్ళు పట్టుకున్న చెయ్యి తనది కాదు, ఆ అన్న చెల్లెలిది.

గురువారం పొద్దున డ్రైవరు షుగరు పరీక్షకు పరగడుపున ల్యాబుకు వచ్చాడు. ఆమె రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే నెమ్మదిగా చెప్పాడు. మీ మాటతో ధైర్యం వచ్చిందమ్మా. తమ్ముడి పాత నంబరుకు చేశాను. వేరే ఎవరో ఎత్తారు, అలాంటివాళ్ళెవరూ లేరన్నారు. తర్వాత అడిగాడు, "మీ అన్నగారి నంబరు ఎలా కనుక్కున్నారు? అదే దారిలో నేనూ వెతుకుతాను."

ఆమె సూది తీసి దూది పెట్టి, మోచెయ్యి మడవమని చెప్పింది. ట్యూబు మీద చీటీ అతికించింది. వెనక వరసలో ఇంకా పదిహేనుమంది ఉన్నారు.

"నాకు అన్న లేడండీ."

ఆయనకు అర్థం కాలేదు.

"ఎప్పుడూ లేడు. కాగితం నింపడానికి రాశాను."

ఆయన దూది అలాగే అదిమి పట్టుకుని ఆమెను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అద్దంలో బస్సు చివరి సీటు చూసుకున్నట్టు చూశాడు. లేచి వెళ్ళిపోయాడు. ఆమె తర్వాతి మనిషిని పేరు చెప్పమంది.

నాలుగో ఆదివారం డ్రైవరు రాలేదు. వాక్యాలు ఎంచుకు రావలసిన వంతు ఆయనది. ఆ పని కోసం దర్జీ తాను పెన్సిలుతో గీత గీసుకున్న పేరా ఒకటి చదివింది. ప్రశ్నలు ల్యాబామెవి. పడవ మనిషి అవతలి ఒడ్డుకు వెళ్ళి కూడా దిగనిది అన్న మీద కోపంతోనా, తన మీద భయంతోనా అన్నది మొదటి ప్రశ్న. అది అడగబోయి ఆగి, ముందు తన అబద్ధం సంగతి చెప్పేసింది. ల్యాబులో డ్రైవరు అడిగినదీ చెప్పింది.

దర్జీ తన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. "నేను ఇంటికెళ్ళి మా పిల్లలకు కూడా చెప్పాను చెల్లీ మీ అన్న సంగతి" అంది, అంతే. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

లైబ్రేరియన్ మాత్రం, "ముడి అంటే మన బతుకూ పుస్తకమూ ఒకేలా ఉండాలని కాదండీ. నాకు ఇలాంటిది లేదు, లేక ఇలా ఉంది అనడం కూడా ముడే. అది నేను మొదటే చెప్పి ఉండాల్సింది" అంది.

తర్వాత చర్చ జరిగింది. అందరూ మర్యాదగా మాట్లాడారు. ఆమె ప్రశ్నలు మంచివే కానీ జవాబులు రెండేసి మాటల్లో ఆగిపోయాయి. వెళ్ళేటప్పుడు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

ఆ వారం ఆమె మానేద్దామనుకుంది. కానీ చివరి ఆరు అధ్యాయాలకు వాక్యాలు తన వంతు. తాను వెళ్ళకపోతే ఆ పని ఖాళీగా ఉండిపోతుంది. మూడు చోట్ల గుర్తులు పెట్టి, గదిలో ఒంటరిగా పైకి చదివి చూసుకుని వెళ్ళింది.

డ్రైవరు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు. ఆయనది పదాల వంతు. కాగితంలో ఒకటే పదం ఉంది.

"తోబుట్టువు. ఇందులో కష్టమేముంది అనకండి. తెలిసిన మాటే అయినా రచయిత కొత్తగా వాడితే ఏరుకోవచ్చని లైబ్రరీ మేడమ్ చెప్పారు. రెండు వందల ముప్పై ఒకటో పేజీ. అన్న చనిపోయాడని తెలిశాక, పడవలో ఊరూ పేరూ తెలియని ముసలామె ఈవిడను తోబుట్టువా అని పిలుస్తుంది. నిఘంటువు చూశాను. తోడ పుట్టినవాళ్ళు అని ఉంది. ముసలామె తోడ పుట్టలేదు. తోడుగా ఉంది, ఆ రేవు దాటేదాకా. అంతవరకే వాడాడు రచయిత."

ఆ మాట ముసలామె నోట సహజంగా ఉందా అని మాస్టారు అడిగాడు. దర్జీ ఉందంది. అలా సాగింది. ల్యాబామె తన వాక్యాలు చదివింది. రెండోది సగంలో ఆపి, మళ్ళీ మొదట్నుంచి చదివింది. నవల అయిపోయింది. దర్జీ వెళ్తూ వెళ్తూ ఆమెకేసి తలూపింది, అంతే.

బస్‌స్టాపు దాకా ఆమెదీ డ్రైవరుదీ ఒకటే దారి. ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం. స్టాపు దగ్గర ఆయన ఆగాడు.

"తమ్ముడి సంగతి తెలిసిందా?" అని అడిగింది.

"లేదు. వెతకడం ఆపలేదు." బస్సు వస్తుందేమోనని రోడ్డుకేసి చూశాడు. "నాకు ఎవరూ లేరు అని ఆ రోజు మీరు చెప్పినా వినేవాణ్ణి అమ్మా. దానికి అన్న అక్కర్లేదు."

క్షమించమంటే సరిపోదని ఆమెకు అనిపించింది.

"ఇంట్లో ఎవరుంటారు?" అన్నాడు.

"ఎవరూ ఉండరు."

"ఎప్పట్నుంచి?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల దగ్గర మొదలుపెట్టింది. అమ్మ రక్తం కూడా తనే తీసిందని, చివరి వారం నరం దొరకలేదని చెబుతుండగా బస్సు వచ్చింది. ఆయన వెళ్ళాల్సిన బస్సు అది, మళ్ళీ గంటన్నర దాకా ఇంకోటి లేదు. మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని, మిగతాది ఆదివారం చెప్పమన్నాడు. వచ్చే ఆదివారం చర్చ లేదని, నవల అయిపోయిందని ఇద్దరికీ గుర్తొచ్చేలోపు తలుపు మూసుకుంది.

ఆమె ఇంటివైపు నడిచింది. సగంలో ఆగిన మాట ఇంకా నోట్లోనే ఉంది.