ఒక్క లెక్క దగ్గర ఆగిపోయింది

అక్షరదోషాలుంటే మన్నించండి. యాభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న రాత నాది. చెయ్యి నెమ్మదిగా నడుస్తుంది, చెప్పేది కూడా కాస్త నెమ్మదిగానే చెబుతాను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను ఆయాను. అందరూ మామ్మ అంటారు. పరీక్షలప్పుడు పిల్లలకు మంచినీళ్లు ఇవ్వడం, వరండాలో ఉన్న బెల్లు స్విచ్చి నొక్కడం నా పని. గంటకొకసారి నొక్కాలి, అయిపోవడానికి పది నిమిషాల ముందు ఒకసారి, ఆఖరుకి ఒకసారి. నేను నొక్కితే నాలుగు అంతస్తుల్లోనూ మోగుతుంది.

భానుశ్రీ పర్చూరు దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. తండ్రి రోశయ్య మిరప వేస్తాడు. ఆ పిల్లకు బాపట్ల వ్యవసాయ కాలేజీలో చేరాలని ఒకటే పట్టుదల. అందుకు ఎంట్రన్సు రాయాలి. ఎంట్రన్సు చదువు మా కాలేజీలో మొదటి బ్యాచికే చెబుతారు. ప్రీఫైనల్ పరీక్షలో ఏ సబ్జెక్టులోనైనా అరవైకి ముప్పై ఆరు రాకపోతే ఆ బ్యాచి నుంచి తీసేసి మామూలు బ్యాచికి పంపుతారు. ఆ బ్యాచికి క్లాసులూ, హాస్టలూ వేరే బిల్డింగులో ఉంటాయి. అక్కడ ఎంట్రన్సు మాటే ఉండదు.

మిగతావన్నీ బాగానే రాసింది. చివరిది కెమిస్ట్రీ.

ముందు రోజు కెమిస్ట్రీ చెప్పే గౌస్ బాషా సారు క్లాసులో బోర్డు మీద మూడు గీతలు గీశారు. నేను వెనక బెంచీలు తుడుస్తున్నాను.

"ఏ సెక్షన్ లెక్కలు. అయిదు, ఒక్కోటి నాలుగు మార్కులు. బి సెక్షన్ చర్యలు, అవీ అయిదే, అవీ నాలుగే. సి సెక్షన్ థియరీ, రెండు వ్యాసాలు, ఒక్కోటి పది. ఒక్కో సెక్షన్‌కి ఇరవయ్యే. లెక్కలకి గంట. మామ్మ మొదటి బెల్లు కొట్టిందా, ఎక్కడున్నా వదిలేసి బి లోకి వచ్చెయ్యండి. చర్యలకి యాభై నిమిషాలు. థియరీకి గంట. పది నిమిషాలు చూసుకోడానికి."

భానుశ్రీ లేచింది. "సార్, లెక్క సగంలో ఉంటే?"

"సగంలోనే ఉండనియ్యి. ఫార్ములా రాస్తే ఒక మార్కు, అంకెలు వేస్తే ఒకటి, చేస్తే ఒకటి, జవాబు యూనిట్‌తో రాస్తే ఒకటి. సగం లెక్కకి సగం మార్కులు."

"ఆన్సర్ రాకుండా వదిలేస్తే మనసు ఊరుకోదు సార్."

"ఏమ్మా, దాంతో కాపురం చేస్తావా? నచ్చకపోతే వదిలేసి రా."

క్లాసంతా నవ్వింది. భానుశ్రీ కూడా నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. "మీకు రోజూ నాలుగు ఆప్షన్ల పరీక్షలు పెట్టి పెట్టి ఒక జబ్బు వచ్చింది. ఆప్షన్లో లేని జవాబు వస్తే కొట్టేసి మొదట్నుంచి చేస్తారు. రేపటి పేపర్లో ఆప్షన్లుండవు. అడ్డంగా కొట్టేసింది మేం దిద్దకూడదు. తప్పైనా సరే, కొట్టెయ్యొద్దు."

"సరే సార్," అన్నారు అందరూ.

మర్నాడు ఆ హాల్లో డ్యూటీ ఇంగ్లీషు చెప్పే మల్లేశ్వరి గారికి పడింది. ఏ సబ్జెక్టు పరీక్షో ఆ సారుని హాలు దగ్గరికి రానివ్వరు. మొదటి బెల్లు నొక్కి నీళ్ల బిందె పట్టుకుని లోపలికి వెళ్లాను. పేజీలు తిప్పుతున్న చప్పుడు హాలంతా వినబడింది. పిల్లలు బి లోకి పోతున్నారు. భానుశ్రీ పేజీ తిప్పలేదు. ఆమె పేజీ పైన ఏ అనే అక్షరం ఉంది. ఇంగ్లీషులో ఆ మూడు అక్షరాలూ నాకు తెలుసు. దాని కింద ఒక లెక్క అడ్డంగా కొట్టేసి ఉంది. దాని కింద మళ్లీ అదే మొదలుపెట్టింది.

గ్లాసు పెట్టాను. చూడలేదు.

"నీళ్లు తాగమ్మా," అన్నాను.

"వద్దు మామ్మా."

మల్లేశ్వరి గారు నా వైపు చూశారు. పరీక్ష హాల్లో నేను అనగలిగిన మాట అదొక్కటే. బెల్లు కొట్టాను తల్లీ, పేజీ తిప్పు, అని అంటే అది నా ఉద్యోగానికీ, ఆమె పేపరుకీ కూడా ముప్పే. పక్క వరసకి పోయాను.

ఇంకోసారి తిరిగి వచ్చేసరికి పేజీలో కొట్టివేతలు పెరిగాయి. పెదవులు కదులుతున్నాయి. వేళ్ల మీద ఏదో లెక్కేస్తోంది. ముందు బెంచీలో పిల్ల అడిషనల్ షీటు అడిగితే ఉలిక్కిపడి గోడ గడియారం చూసింది. చూసి మళ్లీ ఆ లెక్కలోకే వంగింది. ఇంకొక్కసారి చేస్తే వచ్చేస్తుందనుకుందేమో. మిరపకాయలు ఆరబెట్టినచోట మబ్బు కమ్ముకొస్తుంటే కప్పడానికి పట్టా దొరక్క నిలబడ్డట్టు నిలబడ్డాను నేను.

రెండో బెల్లు నొక్కే ముందు ఎప్పుడో ఆ లెక్క మీద పెద్ద గీత గీసి బి లోకి వెళ్లింది. చెయ్యి పరుగెత్తుతోంది. రాసింది సరిచూసుకునే తీరిక లేదని దూరం నుంచే తెలుస్తోంది. సి అక్షరం వేసేసరికి మిగిలిన వాళ్లు రెండో వ్యాసంలో ఉన్నారు.

పది నిమిషాల బెల్లు నొక్కినప్పుడు తల ఎత్తి నన్ను చూసింది. అంతసేపట్లో నన్ను చూడడం అదొక్కసారే.

ఆఖరి బెల్లుకి స్విచ్చి మీద వేలు పెట్టి ఆగాను. మల్లేశ్వరి గారు గుమ్మంలోకి వచ్చారు.

"నొక్కండి మామ్మగారూ. కింద ఆఫీసు వాళ్లు గడియారం చూస్తూ కూర్చుంటారు."

"భానుశ్రీ ఇంకా రాస్తోందండి."

"నాకూ కనబడుతోంది," అన్నారావిడ, గొంతు తగ్గించి. "ఒక్కళ్ల కోసం నాలుగు అంతస్తులూ ఆపలేం కదా."

నొక్కాను.

మార్కులు వచ్చిన రోజు టీ పట్టుకుని స్టాఫ్ రూముకి వెళితే గౌస్ బాషా సారు ఆ పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ముప్పై మూడు.

"నాలుగు లెక్కలు నూటికి నూరు. పదహారు," అన్నారు, నాకో, తనకో. "చర్యల్లో పదమూడు. అన్నీ వచ్చు, కంగారులో సమీకరణాలు తుల్యం చెయ్యలేదు. థియరీలో ఒక వ్యాసం సగం, నాలుగు. రెండోది తెల్లకాగితం. ఈ అయిదో లెక్క చూడండి. నాలుగుసార్లు చేసి నాలుగుసార్లూ కొట్టేసింది. ఒక్కటి ఉంచినా ఫార్ములాకీ, చేసిన తీరుకీ రెండు వేసేవాణ్ని. ఆ టైములో రెండో వ్యాసానికి నిర్వచనం, సమీకరణం రాసినా ఇంకో రెండు. ముప్పై ఏడు."

"ఇప్పుడు వెయ్యకూడదా అండి?"

"కొట్టేసినదానికి వేస్తే రేపు ఇంకో తండ్రి వచ్చి నిలదీస్తాడు. ప్రిన్సిపాల్ని అడిగాను. రూలు రూలే అన్నారు."

సాయంత్రం భానుశ్రీ మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఒక కాగితం నా ముందు పెట్టింది.

"వచ్చింది మామ్మా. డిగ్రీల్లో ఇచ్చిన ఉష్ణోగ్రతకి రెండు వందల డెబ్బై మూడు కలిపి మూడు వందలు వెయ్యాలి. నేను ఇరవై ఏడే వేశాను. ప్రతిసారీ అయిదు పాయింటు నాలుగే వస్తుంటే, ఆ పదార్థానికి అంత తక్కువ భారం ఉండదని తెలుసు. అందుకే కొట్టేశాను. ఇప్పుడు చూడు, అరవై."

కాగితం చూశాను. అరవై అని ఉంది, దాని కింద రెండు గీతలు.

"మంచిదమ్మా," అన్నాను.

మర్నాడు రోశయ్య వచ్చాడు. ఆఫీసు బయట సారుని పట్టుకుని, "మా అమ్మాయి చదవలేదా అండి?" అని అడిగాడు.

"చదివిందండి."

"మరి?"

సారు బోర్డు మీద గీసిన మూడు గీతల సంగతీ, గంట సంగతీ, లెక్క సంగతీ మొదట్నుంచి చెప్పారు. రోశయ్య చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "అట్టాగా," అన్నాడు. తరవాత కూతురి పెట్టె నెత్తిన పెట్టుకుని ఆమె వెనక మామూలు బ్యాచి బిల్డింగు వైపు నడిచాడు.

సుబ్బరావమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది గుంటూరు, సంగడిగుంట.