ఫోటోలో మాయమైన పుట్టుమచ్చ

“తానం చేసినవా? మళ్లోసారి చెయ్యి పో. చీము వాసనొస్తున్నవ్,” అన్నాడు మొగుడు సుందరరావు, పప్పన్నం కలుపుతూ.

మంగాదేవి అప్పటికే పెరట్లో రెండుసార్లు స్నానం చేసింది. మూడోసారి చేస్తే తోలే ఊడొచ్చేలా ఉంది. రాత్రంతా సర్కారు దవాఖానాలో నర్సు పని, పొద్దున్నుంచి ఇంటి పని, మధ్యలో ఈ వాసన పంచాయితీ. ఆమె చీర అంచు తమ కిరాణా కొట్టు గడప దాటితే బెల్లానికి పట్టిన చీమలు కూడా శబరి నది ఈది ఆంధ్రాకు వలసపోతాయని అత్త సుశీలమ్మ నలుగురికీ చెప్పేది. అంత పవరున్న వాసన ఒక్క వేళ మాత్రం ఎటో పోయేది. మధ్యాహ్నం అత్త మోకాళ్లకు నూనె మర్దనా చేసేటప్పుడు ఆ చేతులకు ఏ వాసనా ఉండదు. “అబ్బ, ఎంత హాయిగున్నదే,” అని కళ్లు మూసుకునేది సుశీలమ్మ.

మంగాదేవికి గాయాలంటే అసహ్యం లేదు. కుళ్లిన కాలు తాను బాగున్నానని చెప్పదు, ఉన్నదున్నట్టు వాసనేస్తుంది. ఆమెకు వెగటు పుట్టించేది కంచంలో వదిలేసిన ఎంగిలి, “నా పెళ్లాం గవర్నమెంటు నర్సు” అని బజార్లో మీసం దువ్వి ఇంట్లో ముక్కు మూసుకునే మగాడు.

ఆ వెగటు దిగమింగుకుని ఆ రాత్రి డ్యూటీకి వెళ్లింది. తొమ్మిదింటికి దేవే అనే ఆమె వచ్చింది. దోర్లా తెగ మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. ముందురోజు తునికాకు కోస్తుంటే నరికిన వెదురు మోడు కుడి పాదంలో దిగిందట. వెంట చెల్లెలు నందే. మంగాదేవి గాయాన్ని సెలైన్‌తో కడిగి, పుల్లముక్క తీసి, ఇంజెక్షన్లిచ్చింది. వాపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో చుట్టూ గీత గీసింది. చీలమండ దగ్గరి వెండి కడియం తీయబోయింది.

“వద్దక్కా, అది అమ్మది,” అంది దేవే. కడియం కింద వేలు దూరుతోంది కదా అని మంగాదేవి ఊరుకుంది.

తర్వాత ఫోటో తీసింది. గాయానికి ఫోటో తీయడం ఆమెకు జగదల్‌పూర్ సర్జన్ మేడం ఫోన్లోనే ఆర్నెల్లు తిట్టి నేర్పించింది. “స్కేలు పక్కన పెట్టకపోతే ఆ గాయం గింజంతో గంగాళమంతో నాకెలా తెలుస్తుంది? ఫ్లాష్ ఎందుకు కొట్టావు? తడి మెరుపు తప్ప ఏమీ కనపడదు. వంకరగా కాదు, నిటారుగా పైనుంచి పట్టు. గాయాన్ని గుడ్డివాడైనా చూస్తాడమ్మా, నువ్వు గాయం చుట్టూ చూడు.” మొదట్లో మంగాదేవికి ఫోటోలో ఒక ఎర్రటి గుంట మాత్రమే కనిపించేది. రాను రాను గుంట అడుగున ఎరుపు మంచిదని, పసుపు పొర మురికని, నలుపు చచ్చిన కండ అని తెలిసింది. పుస్తకంలో రాసినట్టు వాపు చుట్టూ ఎర్రబడటం నల్లటి చర్మం మీద కనపడదనీ, అక్కడ చూడాల్సింది మెరుపు, బిగువు, చెరిగిపోయిన ముడతలనీ తెలిసింది.

ఫోటో డ్యూటీ డాక్టరుకు పంపింది. ఆయన క్వార్టర్‌లో ఉన్నాడు. “ఠీక్ హై. సుబహ్ దేఖేంగే,” బాగానే ఉంది, పొద్దున చూద్దాం అని జవాబొచ్చింది.

పదకొండున్నరకు దేవే అరుపులు మొదలుపెట్టింది. గాయం బొటనవేలంత, అరుపు వార్డంత. ఇచ్చిన నొప్పి మందు దేనికీ ఆనలేదు. మంగాదేవి మళ్లీ ఫోటో తీసి పంపింది.

“స్కిన్ సాఫ్‌గా ఉంది కదా సిస్టర్! ఈ అడవి ఆడవాళ్లు దోమ కుట్టినా అంతే అరుస్తారు. ఇంకో పెయిన్ ఇంజెక్షన్ ఇవ్వు.”

అడవి ఆడవాళ్లు! ఆ ముక్క గొంతులో ఈగలా ఇరుక్కుంది. మంగాదేవి ఫోటో పెద్దది చేసి చూసింది. నిజమే, చర్మం సాఫ్‌గా, లేతగా ఉంది. మరీ సాఫ్‌గా ఉంది. స్కేలు మీది సన్నగీతలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి, పాదం మీద ఒక్క ముడత కూడా లేదు. గాయం కడిగేటప్పుడు ఏదో మచ్చ చూసిన జ్ఞాపకంతో, వార్డు మసక వెలుతురులోనే వంగి కాలి వంక చూసింది. బొటనవేలి పైన మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. ఫోటోలో లేదు.

కాలికున్న మచ్చ ఫోటోలో ఎట్లా పోతుంది?

అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం సుందరరావు ఆమె ఫోను తీసుకుని ఏదో నొక్కాడు. “మా చెల్లె పెండ్లి ఫోటోలల్ల నువ్వు బొగ్గు బస్తా లెక్కున్నవే. ఈ యాప్‌తోని తియ్యి, మచ్చలు గిచ్చలు పోయి తెల్లగ కనబడ్తవ్. ఫోటోలనన్న మనిషి లెక్కుండు,” అని ఇంటిల్లిపాదీ నవ్వుతుండగా పాత కెమెరా గుర్తు తీసేసి దాన్ని పెట్టాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడిచిందంటారని.

ఆమెకు ఏ కుళ్లుకీ రాని వాంతి గొంతుదాకా వచ్చింది. ఈ పాపిష్టి మెరుగు ఒక మనిషి కాలిని మింగుతోంది.

అయితే చెరిగిన ముడతలు యాప్ చెరిపినవా, వాపు చెరిపినవా? తేల్చుకోవాలి. ఫోన్‌లో మూలనపడ్డ అసలు కెమెరా వెతికి తెరిచింది. “నందే, టార్చి పట్టు. పైనుంచి కాదు, పక్కనుంచి. నీడలు పడాలి.” రెండు పాదాలూ పక్కపక్కన పెట్టించి ఒకే ఫోటోలోకి తెచ్చింది.

ఎడమ పాదం మీద ముడతలు దున్నిన చేనులా ఉన్నాయి. కుడి పాదం మీద పుట్టుమచ్చ తిరిగొచ్చింది గాని ముడతలు రాలేదు. చర్మం నూనె పూసినట్టు బిగిసి మెరుస్తోంది. వేళ్ల పైన బూడిద కలిసిన ఊదా మచ్చ, దాని మీద నల్లనీళ్లు నిండిన రెండు చిన్న బొబ్బలు. తొమ్మిదింటి పెన్ను గీతను దాటి వాపు మూడు వేళ్ల వెడల్పున పైకెక్కింది. వేలు దూరిన కడియం కండలో కూరుకుపోయింది.

ఆ ఫోటోను ఆమె డాక్టరును దాటి నేరుగా సర్జన్ మేడంకు పంపింది. నిమిషంలో ఫోన్ మోగింది.

“లోపల కండ పొర కుళ్లుతోంది మంగా. గంట గంటకూ పాకుతుంది. కడియం కత్తిరించు. మందులు చెప్తున్నా, మొదలుపెట్టి వెంటనే బండెక్కించు. ఆలస్యమైతే ముందు కాలు పోతుంది, తర్వాత మనిషి.”

కడియం తెంచబోతే దేవే దాన్ని చేత్తో పట్టుకుని మొహం తిప్పుకుంది. “మా అమ్మది,” అని మళ్లీ అంది.

“అమ్మే ఉంటే తనే తెంచేది,” అంది మంగాదేవి. ఆ మాటకు దేవే చెయ్యి వదిలింది.

మేడం ఫోన్ చేసినట్టుంది, డాక్టరు కోపంతో ఊగిపోతూ వచ్చాడు. “నన్ను దాటి మేడంకు పంపుతావా?” అన్నాడు. కాలు చూశాక రెఫరల్ కాగితం మీద సంతకం పెట్టాడు.

తెల్లారేసరికి జగదల్‌పూర్‌లో పాదం తెరిచారు. లోపల్నుంచి అంట్లు కడిగిన నీళ్లలాంటి బూడిదరంగు నీళ్లు కారాయట. రెండు వేళ్లు పోయాయి. కాలు నిలిచింది.

మూడో రోజు మేడం రాతపూర్వకంగా వివరణ అడిగింది: మూడు గంటలు ఎందుకు ఆలస్యమైంది?

డాక్టరు గొంతు తగ్గించి, “సిస్టర్, ఆ మొదటి రెండు ఫోటోలు డిలీట్ చేసెయ్యి. కేసు బాగైంది కదా, ఇద్దరికీ మంచిది,” అన్నాడు. ఇంట్లో సుందరరావు ముక్కు మూసుకోవడం కూడా మర్చిపోయాడు. “నా పేరు రాస్తవాయే? బజార్ల నా ఇజ్జత్ ఏమైతది? యాప్ ఏందో, కాలు ఏందో, నీకు చేతగాక నా మీద పెడ్తున్నవ్!”

“చేతగానితనం గూడ రాస్త,” అంది మంగాదేవి.

డ్యూటీ గదిలో కూర్చుని, మూడు ఫోటోలనూ వరుసగా జత చేసి, కింద రాసింది:

“మొదటి రెండు ఫోటోలు తప్పు. వాటిని తీసిన ఫోన్‌లో చర్మాన్ని నున్నగా, తెల్లగా చూపే యాప్ ఉంది. పెట్టింది నా భర్త, నేను నల్లగా ఉన్నానని. ఆ ఫోటోలు చూసి రోగి దగ్గరకు రానిది డ్యూటీ డాక్టరు. ఫోటోను కాలితో పోల్చి చూడకుండా పంపింది నేను. దేవే పాదానికి రెండు వేళ్లు లేవు.”

చదువుకుంది. ఒక్క మాట కూడా నునుపు చేయకుండా సంతకం పెట్టింది.