ఆరూ పదికి రావలసిన బస్సు

లాజరు రాసిన మొదటి అర్జీకి డిపో నుంచి రెండు వాక్యాల జవాబొచ్చింది. ‘మా స్టాపులో బస్సు ఒక్కరోజూ ఆపరు’ అన్నది నిజం కాదట. పోయిన నెల ఆ స్టాపులో ఎక్కినవాళ్లకు పద్దెనిమిది రోజులు టికెట్లు కొట్టినట్టు మిషన్లో ఉందట.

ఓర్వకల్లు దగ్గరి ఆ ఊర్లో ముబీనాది జెరాక్సు కొట్టు. అర్జీలూ అక్కడే రాస్తుంది. లాజరు రెండో అర్జీ తెచ్చి బల్లమీద పెట్టాడు. మొదటిదానికన్నా ఇది ఘాటు. పక్కనే భార్య జ్ఞానమణి, ఉబ్బిన కాళ్లు చాపుకొని కూర్చుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆమెకు కర్నూలులో డయాలసిస్. బస్సు ఆగకపోతే ఆ పూట గడిచేదెట్లా?

“మీ డ్రైవర్లకు కొవ్వెక్కింది” అన్న మొదటి వాక్యాన్ని ముబీనా కొట్టేసింది.

“ఆగనిది ఏయే రోజులు, చిన్నాయనా?”

లాజరుకు గుర్తులేదు. జ్ఞానమణి సంచిలోంచి చర్చి క్యాలెండరు తీసింది. బస్సు ఆగని రోజుల చుట్టూ ఆమె పెన్సిలుతో సున్నాలు చుట్టుకుంది. ఎవరూ అడగలేదు కనక ఇన్నాళ్లూ చెప్పలేదు.

ముబీనా రాసింది: ‘ఈ నెల 3, 10, 14 తేదీల్లో ఉదయం ఆరూ పదికి రావలసిన కర్నూలు బస్సు మా స్టాపులో ఆగలేదు. చెయ్యెత్తి నిలబడినవాళ్లం ముగ్గురం.’

‘నా భార్య చస్తే ఆ పాపం మీదే’ అన్నచోట: ‘ఏడున్నరకు చేరకపోతే ఆమె పడక వేరేవారికి ఇస్తారు. 10వ తేదీన అలాగే జరిగింది. డయాలసిస్ మర్నాటికి వాయిదా పడింది.’

‘రోడ్డుకు అడ్డం పడుకుంటాం’ అన్నచోట: ‘ఇక్కడ తప్పక ఆపాలని సిబ్బందికి ఆదేశమిచ్చి, వారంలోగా నాకు రాతపూర్వకంగా తెలపండి. లేకుంటే ఇదే అర్జీని పై అధికారికి పంపుతాను.’

లాజరు చదివి మొహం చిట్లించాడు. “శానా సప్పగా ఉండాది పాపా. కోపం యాడ పాయె?”

“కోపానికి వాళ్లు జవాబు చెప్పేస్తారు చిన్నాయనా. తేదీకి చెప్పాలంటే మిషన్ తీసి చూడాల.”

శనివారం డిపోలో అర్జీ ఇచ్చి, నకలు మీద అందినట్టు స్టాంపు వేయించుకున్నారు. బుధవారం డిపో నుంచి ఫోనొచ్చింది. ఆ మూడు రోజులూ ఈ స్టాపు నుంచి ఒక్క టికెట్టూ కొట్టలేదట. ఎవరి డ్యూటీయో తేలిందట, ఆదేశం కాగితం పోస్టులో వస్తోందట.

శుక్రవారం పొద్దున ముబీనా స్టాపు ఎదుట తన కొట్టు తెరుస్తుండగా బస్సు వచ్చింది. ఆమె చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. బస్సు నెమ్మదించి, సరిగ్గా జ్ఞానమణి ముందు నిలబడింది. కండక్టరు దిగి సంచి అందుకున్నాడు. ముబీనా అప్పుడు తాళం తీసింది.

సాయంత్రం లాజరు మళ్లీ వచ్చాడు, ఈసారి నవ్వుతూ. మెచ్చుకుంటూ ఉత్తరం రాయాలట. మొదటి వాక్యం దారిలోనే కుదుర్చుకొచ్చాడు: ‘మీరు మనుషులు కాదు, దేవుళ్లు.’

ముబీనా పెన్ను తీసింది.

“బస్సు ఎన్నింటికి ఆగింది, చిన్నాయనా?”