జనరేటర్ మోగితే ఆగే బండి

నాకు కోపం ఎక్కువని కాలేజీలో అందరికీ తెలుసు. ఆ వేసవిలో మాత్రం అది ఎక్కువగా జనరేటర్ మీదే ఖర్చయింది. నందిగామ దగ్గర మా ఇంజినీరింగ్ కాలేజీకి మధ్యాహ్నం భోజనాలవగానే కరెంటు పోయేది. మా ల్యాబ్ కిటికీకి ఆనుకునే జనరేటర్ షెడ్డు. అది మొదలైతే నా పాఠం నాకే వినపడేది కాదు.

ఆ ల్యాబ్‌లోనే జాయిస్, ఉపేంద్ర ప్రాజెక్టు చేస్తున్నారు. ఫైనలియర్ పిల్లలు, నేను వాళ్ళ గైడ్‌ని. రేకుతో చేసిన నాలుగు చక్రాల బండి తెలుగులో చెప్పినట్టు నడవాలి. మైకు కంప్యూటర్‌కి తగిలించి ఉంటుంది. కంప్యూటర్ మాటను గుర్తుపట్టి, రేడియో ద్వారా బండికి ఆజ్ఞ పంపుతుంది. మాట అంటే కంప్యూటర్‌కి అక్షరాలు కాదు, ధ్వనిలో ఏ స్థాయిలో ఎంత బలముందో చెప్పే అంకెలు. ఒక్కో మాటకూ ఎంతోమంది గొంతుల నుంచి అలాంటి అంకెలు తీసి ఒక నమూనా తయారుచేస్తాం. కొత్త మాట వినపడితే ఏ నమూనాకి దగ్గరగా ఉందో చూసుకుంటుంది.

జాయిస్‌ది ముక్త్యాల. జగ్గయ్యపేట మీదుగా బస్సులో వస్తుంది. మాటల జాబితా రాసేటప్పుడే నాకు నచ్చేసింది. పుస్తకం తెరవలేదు. బండిని చేత్తో కుడివైపు తిప్పి చూపించి, "ఇట్టా తిప్పమనాలంటే ఏమంటారు?" అని వాళ్ళమ్మ కృపావతిని, క్యాంటీన్ సుబ్బమ్మని, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళని అడిగింది. కుడి అన్నవాళ్ళకన్నా రైట్ అన్నవాళ్ళే ఎక్కువ. కొందరు రైటు అన్నారు, కొందరు రైట్‌కి అన్నారు. అన్నిటినీ ల్యాబ్‌లోనే పలువురిచేత చెప్పించి రికార్డు చేసి, వేరువేరు నమూనాలు కట్టి, అన్నిటి ఆజ్ఞా ఒకటే పెట్టింది.

మా హెచ్‌ఓడీ రామబ్రహ్మంగారికి అది మింగుడుపడలేదు. "తెలుగు ప్రాజెక్టులో ఈ ఇంగ్లీషేంటమ్మా? కుడి, ఎడమ, ఆగుము అంటే చాలదూ?"

"అట్టా ఎవరూ అనట్లేదు సార్" అంది జాయిస్.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అది ఆయన కోపం. "శుక్రవారం చూస్తాను. నడిస్తే సరే. లేకపోతే బెజవాడలో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్ముతున్నారు, ఒకటి తెచ్చుకోండి. ట్రాఫిక్ లైట్లో, ఏదో."

ఆయన వెళ్ళాక ఉపేంద్ర మెల్లగా, "రెడీమేడ్ అయితే టెన్షన్ ఉండదు" అన్నాడు. జాయిస్ వాడికేసి చూసిన చూపుకి నాకు నవ్వొచ్చింది. తర్వాత నాతో అంది, "కొన్నదైతే లోపలేం జరుగుతుందో నాకెప్పటికీ తెలీదు మేడం. ఇది ఎందుకు నడవట్లేదో తెలుసుకోకుండా వదలబుద్ధి కావట్లేదు."

నడవకపోవడమూ వింతగానే ఉండేది. పొద్దున ముందుకు అంటే ముందుకు వెళ్ళేది, రైట్ అంటే తిరిగేది. ఆగు అంటే మాత్రం వినేది కాదు, వెళ్ళి గోడకి గుద్దుకునేది. మధ్యాహ్నం జనరేటర్ వేశాక పూర్తిగా తిరగబడేది. ముందుకన్నా, వెనక్కన్నా కదిలేదే కాదు.

"జనరేటర్ మోతలో మన మాట మునిగిపోతోంది" అని తేల్చేశాను. మైకు మార్చాం. నోటి దగ్గరికి తెచ్చాం. కిటికీకి దుప్పటి కట్టాం. బండి అక్కడే నిలబడింది. నేను షెడ్డులోకి వెళ్ళి, పాపం ఏ తప్పూ లేని ఆపరేటర్ ఇశ్రాయేలు మీద అరిచి వచ్చాను.

వచ్చేసరికి జాయిస్ మైకు ముందు చప్పట్లు కొడుతోంది.

"పిచ్చెక్కిందా?" అన్నాను.

"ఒకసారి చూడండి మేడం." చప్పట్లు కొట్టింది. తెర మీద 'ఆగు' అని పడింది. దగ్గింది. ఆగు. బల్ల మీద పుస్తకం పడేసింది. మళ్ళీ ఆగు. "మాట మునిగిపోతే ఒక్కోసారి ఒక్కో తప్పు మాట రావాలి కదా. ఎప్పుడూ ఆగే ఎందుకొస్తోంది?"

కోపం ఎటు పోయిందో తెలియదు, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

జనరేటర్ ఆపాక ఇద్దరం చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాత రికార్డింగులు విన్నాం. సుబ్బమ్మ 'రైటు' స్వచ్ఛంగా ఉంది. సుబ్బమ్మ 'ఆగు' వెనకాల డుగడుగమని జనరేటర్. ఇంకొకరి 'ముందుకు' శుభ్రంగా ఉంది. వాళ్ళ 'స్టాప్' వెనకా జనరేటరే. ఎవరిది విన్నా అదే వరస.

"నువ్వు ఏ వరసలో చెప్పించావు?" అడిగాను.

జాయిస్ నాలుక కరుచుకుంది. "పొద్దున ముందుకు, వెనక్కి, రైట్, లెఫ్ట్. భోజనాలయ్యాక ఆగు, ఆపు, స్టాప్. ఆగడం చివర్నే కదా మేడం!"

బండి ముందు కదులుతుంది, తర్వాత తిరుగుతుంది, చివరికి ఆగుతుంది. అదే వరసలో ఒద్దికగా చెప్పించింది. మా ఊళ్ళో కరెంటు కూడా అంతే ఒద్దికగా రోజూ అదే వేళకి పోయింది. ఆగు నమూనాలో గొంతు కన్నా జనరేటరే ఎక్కువ నిండిపోయింది. అంటే బండి తప్పు వినలేదు. మేం నేర్పించింది చక్కగా నేర్చుకుంది. అది తెలిసిన క్షణంలో నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గట్టిగా నవ్వేశాను. జాయిస్ కూడా నవ్వింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా.

శుక్రవారం ఎంతో దూరంలో లేదు. జాయిస్ ఉత్త జనరేటర్ మోతని రికార్డు చేసి, పొద్దుటి మాటలకి కొంచెంగా, ఎక్కువగా రకరకాల మోతాదుల్లో కలిపింది. మోతలో మనుషులు గొంతు పెంచి మాట్లాడతారు, ఆ తేడా ఊరికే మోత కలిపితే రాదు. అందుకని కొందరిచేత జనరేటర్ నడుస్తుండగానే రైట్, ముందుకు అనిపించింది. ఆగు, స్టాప్ పొద్దున్నే నిశ్శబ్దంలో మళ్ళీ చెప్పించింది. దగ్గులకీ, చప్పట్లకీ, తెలియని మాటలకీ కలిపి ఇంకో నమూనా కట్టింది. దానికి దగ్గరగా ఉంటే బండి పట్టించుకోకూడదు. ఉపేంద్ర ఇశ్రాయేలుని బతిమాలి, కరెంటున్నా జనరేటర్ వేయించాడు. నేనూ వెళ్ళి ఆయనకి సారీ చెప్పి వచ్చాను.

శుక్రవారం రామబ్రహ్మంగారు భోజనం చేసే వచ్చారు. అప్పుడే కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది. ఉపేంద్ర ముఖం పాలిపోయింది.

"నేనే చెప్తాను" అని సార్ మైకు ముందు కూర్చున్నారు. ఆయన గొంతు మా రికార్డింగుల్లో ఎక్కడా లేదు. "కుడివైపునకు తిరుగుము" అన్నారు.

బండి కదల్లేదు. సార్ చేతులు కళ్ళద్దాల దాకా వెళ్ళాయి.

"ఒక్కొక్క మాటే సార్. ఇంట్లో ఎట్టా అంటారో అట్టా అనండి" అంది జాయిస్.

ఆయన మోతకి మించేలా, "ముందుకు!" అన్నారు.

బండి కదిలింది. జనరేటర్ అంత మోతలో కదిలింది! జాయిస్ నా చెయ్యి పట్టుకుంది. నా దృష్టి బండి మీదే ఉంది. అది తిన్నగా, సిగ్నల్ తరంగాల్ని కొలిచే కొత్త ఆసిల్లోస్కోపులు పెట్టిన గాజు బీరువా వైపు వెళ్తోంది. అవి కొనిపించడానికి సార్ ఎంత పోరారో డిపార్ట్‌మెంటంతటికీ తెలుసు.

"నిలువుము" అన్నారు సార్. బండి వెళ్తూనే ఉంది. "నిలువుము!" బీరువా దగ్గరపడింది. ఆయన కుర్చీలోంచి సగం లేచి, "స్టాప్!" అని కేక పెట్టారు.

బండి గాజుకి జానెడు దూరంలో నిలిచింది.

సార్ మెల్లగా కూర్చుని కళ్ళద్దాలు తీశారు. తుడవలేదు. పిల్లాడిలా మైకు వంకే చూస్తూ, "నేను ఇంగ్లీషులో అన్నానా?" అని అడిగారు.

"మనందరం అనేదే అన్నారు సార్" అంది జాయిస్.

ఆయన నవ్వారు. కుర్చీ ముందుకి జరుపుకుని, మైకు దగ్గరగా వంగి, "వెనక్కి" అన్నారు. బండి వెనక్కి వచ్చింది. "లెఫ్టు" అన్నారు ఈసారి. తిరిగింది. రెడీమేడ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన తర్వాతి క్లాసు పిల్లలు వరండాలో ఎదురుచూస్తూనే ఉన్నారు.