అక్సా నుదుటి మొటిమలు

ఖానాపురం హవేలి అనే ఊళ్లో జోజమ్మ ప్రార్థన నూనె తెలియని ఇల్లు లేదు. ఉపవాస కూడికలో పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె అది. మోకాళ్ల నొప్పికీ అదే, పిల్లల జ్వరానికీ అదే. అలాంటిది, పదకొండేళ్ల మనవరాలు అక్సా నుదుట మొటిమలు లేస్తే జోజమ్మ ఊరుకుంటుందా? రోజూ పిల్ల పడుకోబోయే ముందు నుదురంతా దట్టంగా పట్టించి మరీ ప్రార్థన చేసేది. మొటిమలు తగ్గకపోగా, కొత్తగా కట్టిన చర్చి సంఘంలా నానాటికీ పెరిగాయి.

అక్సా వైద్యం అక్సాది. బడి స్నేహితురాళ్లు చెప్పిన సీరమేదో అమ్మ ఫోన్లో తెప్పించుకుని చాటుగా పూసుకుంది. చాలదన్నట్టు గరుకు స్క్రబ్బుతో బరబరా రుద్దింది. మొహం కందిపోయి, నీళ్లు తగిలినా మండసాగింది. ఆదివారం చర్చిలో పాట పాడాల్సింది తనే.

“నేను పాడనంటే పాడను. అందరు నా మొహమే చూస్తరు” అని మాస్కు తగిలించుకుని కూర్చుంది.

జోజమ్మ ప్రాణం ఉసూరుమంది. పిల్లను ఆటో ఎక్కించి చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

అక్సా ఒప్పుకుని బయటపెట్టిన సీరం సీసాను డాక్టరమ్మ తిప్పి చూసింది. “ఇది ముడతలకు వాడేదమ్మా.”

“ముడతలు నాకున్నయ్ గదా! దీనికెందుకంట?”

“ఎదిగే వయసు. చర్మంలో జిడ్డు పెరిగి మొటిమలొస్తయ్, భయమేం లేదు. పొద్దున, సాయంత్రం ఘాటులేని ఫేస్‌వాష్‌తో మెల్లగ కడుక్కో. జిడ్డులేని మాయిశ్చరైజర్ పలచగ రాసుకో. పగలు బయటికి పోతే సన్‌స్క్రీన్. అంతే. సీరమ్, స్క్రబ్బు, నిమ్మరసం, టూత్‌పేస్టు వద్దు. గిల్లొద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీములు అసలే వద్దు. మంట తగ్గకున్నా, పెద్ద గడ్డలు లేచినా మళ్ల రండి.”

“ఆదివారానికి పోతయా?” అంది అక్సా.

“మంట తగ్గుతది. మొటిమలు పోవాలంటే వారాలు పడతయ్. నుదుటికి నూనె గిట్ల రాస్తున్నరా?”

జోజమ్మ ఫ్యాను వంక చూసింది. అక్సా నానమ్మ వంక చూసింది.

“ప్రార్థన మానకండమ్మా, నూనె మానండి” అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ. “కొబ్బరినూనెకు చర్మం రంధ్రాలు మూసుకపోతయ్.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో జోజమ్మకు డాక్టరమ్మ మీద కోపమొచ్చింది. ఇంటికి చేరేసరికి ఆ కోపం తన మీదికే మళ్లింది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ జోజమ్మ లేచి మైకు అందుకుంది. వెనక బెంచీలో నక్కిన అక్సా మాస్కును కళ్లదాకా లాక్కుంది.

“మా అక్సా మొహాన మొటిమలున్నయి. సగం వయసువి, సగం నావి. నేను నూనె రుద్ది రుద్ది పెంచిన. చూసేటోళ్లు ఇప్పుడే మంచిగ చూసుకోండ్రి. పాట మొదలైనంక మాత్రం ఎవ్వరు చూడొద్దు, వినుండ్రి!”

చర్చంతా గొల్లున నవ్వింది. అక్సాకు పుట్టి బుద్ధెరిగాక అంత కోపం రాలేదు. దాచుకోవడానికి ఇంకేం మిగిలింది? విసవిసా ముందుకొచ్చి, మాస్కు పీకేసి, నానమ్మ చేతిలోని మైకు లాక్కుని పాట ఎత్తుకుంది. మొదటి చరణం కోపంతో పాడింది. రెండోది మాత్రం కళ్లు మూసుకుని, హాయిగా పాడింది.

పాట అయ్యాక మాస్కు కోసం వెతకనే లేదు.