పసుపు అంటిన కార్డు

పడమర దిక్కున మబ్బు పొద్దున్నే లేచింది. కొమురవ్వ గట్టు మీద నిలబడి ఒకసారి మబ్బును, ఒకసారి వరిని చూసింది. రెండెకరాల యాసంగి వరి పండి తల వాల్చింది. ఇప్పుడు వాన పడితే పైరంతా నేల పట్టి, గింజ అక్కడనే మొలకెత్తుతుంది.

కోత మిషన్ ఊరవతల రోడ్డు పక్కన ఆగి ఉంది. డ్రైవర్ దాని నీడన పడుకున్నడు. కదలమంటే కదలడు, ఎందుకంటే కరీంనగర్‌లో ఉండే మిషన్ ఓనర్ వెంకటేశ్ చెప్పాలె. పోయిన ఏడు ఒక డ్రైవర్ డీజిల్ పైసలు పట్టుకొని మాయమైనప్పటి నుంచి వెంకటేశ్ ఎవరి చేతికీ నగదు ఇయ్యనియ్యడు. కిరాయిల నాలుగు వేలు ముందుగాల తన ఫోన్ల పడాలె, అప్పుడే మిషన్ మడిలకు దిగాలె. ఆ మాట పొద్దున ఫోన్ చేసి తేల్చి చెప్పిండు.

"పన్నెండు దాకా నీ కోసం ఆగుత అవ్వా. దాటితే ముందు ఎవలు కొడితే వాళ్లకే."

ముందు కొట్టేటోడు ఎవడో కొమురవ్వకు తెలుసు. మరిది హనుమండ్లు. అతని మడి పక్కదే, కానీ ఇంకా పచ్చి ఉంది, మూడు రోజులు ఆగినా ఏం కాదు. అయినా మిషన్ వచ్చినప్పుడే కోయిస్తనంటడు. అన్న, అంటే కొమురవ్వ పెనిమిటి, పోయిన నాటి నుంచి, నీతోని కాదు వదినె, భూమి నాకు కౌలుకు రాసియ్యి అని ఊదరగొడుతనే ఉన్నడు. ఈ ఏడు పంట నీళ్లపాలైతే ఆ మాటకు ఊరంతా వంత పాడుతది.

ఇంతకూ ఖాతాల పైసలున్నయి. లేనిది ఫోన్ల పైసలు పంపే పిన్ ఒక్కటే.

రెండు నెలల కింద పాత ఫోన్ మోటార్ బావిల పడ్డది. మొన్న కొత్తది కొని అదే నంబరుతోని సిమ్ము వేయించింది. ఖాతా వచ్చింది, పేరు వచ్చింది. పిన్ దగ్గర మాత్రం వేళ్లు ఆగిపోయినయి. నాలుగంకెలు ఎక్కడా రాయొద్దని బిడ్డ రమ చెప్తే రాయలేదు. రెండు నెలలు వాడకపోయేసరికి వాటంతటవే మనసుల నుంచి జారిపోయినయి. గట్టు మీదనే రెండుసార్లు కొట్టి చూసింది. రెండూ తప్పే. మూడోసారి తప్పితే ఒక రోజు దాకా తాళం పడుతదని వింది. ఫోన్‌ను కొంగుల ముడేసి ఆటో ఎక్కింది.

చొప్పదండిల బ్యాంకు మిషన్ పక్కనే కైనాత్ ఫోన్ దుకాణం. తండ్రి కాలు విరిగినంక దుకాణం ఆ పిల్లనే నడుపుతుంది. కొమురవ్వకు కొత్త ఫోన్ అమ్మింది ఆమెనే. సంగతి విని, మూడోసారి కొట్టనందుకు మెచ్చుకున్నది. పిన్ మరిచిపోయిన అనేది నొక్కితే కొత్తది పెట్టుకోవచ్చు, ఏటీఎం కార్డు చివరి ఆరు అంకెలు, దాని గడువు నెల, సంవత్సరం కావాలె అన్నది. కొమురవ్వ రవికెల నుంచి కార్డు తీసిచ్చింది. కైనాత్ దాన్ని అటూ ఇటూ తిప్పి, తిరిగి చేతుల పెట్టింది.

"దీని గడువు పోయిన నెలనే అయిపోయింది అవ్వా. ఇది పనికిరాదు. బ్యాంకోళ్లు కొత్తది పంపిండ్రా?"

పంపిండ్రు. శివరాత్రి ముందట పోస్టుల వచ్చింది. కొమురవ్వ ఇంట్ల కొత్తది ఏదొచ్చినా, నాగలి అయినా గ్యాసు పొయ్యి అయినా, పసుపు కుంకుమ పెట్టి పోశవ్వ పటం ముందర కొన్నాళ్లు ఉంచుడు పద్ధతి. కార్డుకు కూడా పెట్టింది. మంచిరోజు చూసి తీద్దామనుకున్నది. తీయలేదు.

గోడ గడియారం పదకొండు చూపిస్తుంది. ఆటో రాములును బతిమిలాడింది. పోవుడు, వచ్చుడు, నడుమల ఇంటి తాళం తీసుడు. దారిల కోత మిషన్ పక్క నుంచే పోయింది. డ్రైవర్ లేచి కూర్చున్నడు. అతని పక్కన హనుమండ్లు బీడి కాలుస్తుండు. ఆటోను చూసి నవ్విండు. ఆ నవ్వు మంట పెట్టింది.

ఇరవై అయిదు నిమిషాలకు తిరిగొచ్చింది. కార్డు కొంగున ఉంది. కైనాత్ వెంట బ్యాంకు మిషన్ దగ్గరకు నడిచింది. తలుపు మీద పైసలు లేవని కాగితం అంటించి ఉంది.

"మనకు పైసలు వద్దు, కార్డుకు పిన్ పెట్టుకుంటే చాలు," అన్నది కైనాత్. ఆ పిన్ పడకుంటే కొత్త కార్డు ఇంకా పుట్టనట్టే, దాని అంకెలు కొట్టినా ఫోన్ ఒప్పుకోదు.

కార్డు లోపల పెట్టింది. మిషన్ బయటకు తోసింది. చదవలేకపోతున్నమని తెర మీద రాసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తోసింది.

కైనాత్ కార్డును దగ్గరగా చూసింది. బంగారు రంగు చిప్పు మీద పసుపు పొర కట్టి ఉంది.

"అవ్వా, దీనికి నిండుగ పూజ చేసినవ్."

"పోశవ్వకు పెట్టిన పసుపు కదా, బిడ్డా."

"పోశవ్వ చదువుతది. ఈ మిషన్ చదవదు."

కొమురవ్వకు నవ్వు రాలేదు. కొంగు తడిపి మెల్లగా తుడిచింది. పొడి అంచుతోని మళ్లీ తుడిచింది. తప్పయిందని పోశవ్వకు మనసుల దండం పెట్టుకున్నది. మూడోసారి కార్డు లోపలికి పోయింది, బయటకు రాలేదు.

మిషన్ ఖాతా నంబరు, ఫోన్ నంబరు అడిగింది. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొమురవ్వనే ఒక్కొక్క అంకె పైకి చదవకుండ చూసి కొట్టింది. కార్డుకు కొత్త పిన్ పడ్డది. బయట ఎక్కడనో ఉరిమింది.

దుకాణంల కూర్చొని ఫోన్ తెరిచింది. కార్డు చివరి ఆరు అంకెలు. గడువు. మెసేజ్‌ల వచ్చిన ఓటీపీ. కార్డుకు ఇప్పుడే పెట్టిన పిన్. ఆ తర్వాత, ఫోన్ పైసలకు కొత్త పిన్ పెట్టమన్నది. కైనాత్ లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డది.

"నేను చూడ. మీ బిడ్డకు కూడా చెప్పకు."

ఏ అంకెలు పెట్టాలె? పోయినవి ఎవలో చెప్పిన అంకెలు, అందుకే నిలవలేదు. ఈసారి తన లెక్క పెట్టుకున్నది. మడి ఎన్ని కుంటలో, బావి ఎన్ని గజాల లోతో, ఆ రెండూ ఆమెకు తప్ప ఊర్ల ఎవలకూ సరిగ్గ తెలియవు. ఒకసారి కొట్టింది. మళ్లీ అవే కొట్టమంటే కొట్టింది. ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

వెంకటేశ్ పేరు చూసి, నాలుగు వేలు వేసి, పిన్ కొట్టింది. చక్రం తిరిగింది. పైసలు పోయినట్టు ఫోన్ మోగింది. పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

మడికి చేరేసరికి మిషన్ గట్టు దిగుతుంది. హనుమండ్లు పక్కకు జరిగి దారిచ్చిండు. బీడి ఆర్పి, "ఎవలు కొట్టిచ్చిండ్రు వదినె?" అన్నడు.

"నా వేలే కొట్టింది మరిదీ."

మూడున్నరకల్లా చివరి వరుస అయింది. వడ్లు రోడ్డు మీద పోసి, పరదాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెడుతుండగ తొలి చినుకులు పడ్డయి. మిగిలిన కిరాయి పంపనీకి కొమురవ్వ ఫోన్ తీసింది. తెర మీద చినుకు పడితే కొంగుతోని తుడిచింది. ఆ కొంగుకు ఇంకా పసుపు మరక ఉంది. హనుమండ్లు ఆమె భుజం మీది నుంచి తొంగి చూడబోయిండు.

"జర అటు మర్లు," అన్నది.

అతను మర్లిండు. ఆమె నాలుగంకెలు కొట్టింది.