సగం తాగిన నీలం

అమ్మ పోయాక మా ఇద్దరికీ పంచుకోవడానికి మిగిలింది ఆవిడ కప్పుకున్న తెల్ల దుప్పటి ఒక్కటే. నేను బట్టలకు రంగులేస్తాను, చెల్లి కుడుతుంది. చెల్లే దాన్ని రెండుగా కత్తిరించి, అంచు కుట్టి, నా సగం తెచ్చిచ్చింది. అమ్మకు నీలమంటే ప్రాణం. ముదురు నీలం వేసుకుని రోజూ కప్పుకుందామనుకున్నాను.

వేడినీళ్లలో కాటన్ రంగు, ఉప్పు కలిపి దుప్పటి ముంచాను. జాడించేసరికి నీలం చాలావరకు నీళ్లతో పోయింది. బట్ట వెలిసిపోయినట్టు పాలిపోయి, దగ్గరగా చూస్తే తెల్లటి పోగుల చారలు. ఉప్పు తగ్గిందేమోనని నన్ను నేనే తిట్టుకుని మళ్లీ ముంచాను. అదే వరస. అదే గిన్నెలో వేసిన పాత కాటన్ గుడ్డ మాత్రం నిక్షేపంగా ముదురు నీలమైంది. అంటే తప్పు రంగుది కాదు.

కాటన్ నీళ్లు తాగుతుంది, నీళ్లతోపాటు రంగునూ లోపలికి తీసుకుని పట్టుకుంటుంది. పాలిస్టర్ ప్లాస్టిక్ చుట్టం, నీళ్లనే గడప దాటనివ్వదు. అమ్మ దుప్పటి అచ్చమైన కాటన్. ఎన్నిసార్లు ఉతికానో నా చేతులకు తెలుసు.

ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించాను. కాటన్ అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది కరిగి, చివర నల్లటి గట్టి పూస కట్టింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఇదే. ఒళ్లు మండిపోయింది.

చెల్లి ఇంటికెళ్లి తడిబట్ట కుట్టుమిషను మీద పడేశాను.

"ఇది అమ్మదేనా?"

"అదేంటక్కా, అమ్మదే! కాటన్, పాలిస్టర్ కలిపిన కలనేత బట్టలు అంతేగా. ముందు పాలిస్టర్ రంగుతో బాగా మరగబెట్టి, తర్వాత కాటన్ రంగు వెయ్యి. రెండు పోగులూ కలిసిపోతాయి, తేడా ఎవరికీ తెలీదు."

"కలనేత అని నేను చెప్పలేదే!"

అది లోపలి గది వైపు చూసింది. లోపల మంచం మీద అమ్మ దుప్పటి పరిచి ఉంది. మొత్తంగా, కత్తెర తగలకుండా.

"నువ్వు రంగేస్తే అమ్మ వాసన పోతుందని..." అంటూ ఏడ్చింది. "కావాలంటే ఇప్పుడే కోసిస్తానక్కా." కత్తెర అందుకుంది.

కత్తెర లాక్కుని పక్కన పెట్టాను. ఇన్ని రోజులూ వేరే ఎవరి గుడ్డనో గుండెకు హత్తుకుని పడుకున్నాను.

"వాసన కావాలని ఒక్క మాట అడిగుంటే మొత్తం నీకే ఇచ్చేదాన్ని కదే."

పాలిపోయిన గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాను. తేడా దాచే ఆ రెండో రంగు దానికి వెయ్యలేదు.